పద్దెనిమిది సెట్లు, తొంభై మంది

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు పేరు. అక్కడి నుంచి లక్కపిడతలు తెప్పించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. సంక్రాంతి ముందు 20 సెట్లు చేతికొచ్చాయి. కావాల్సినవాళ్లు తొంభై మంది. "స్టాక్ వచ్చేసింది! త్వరపడండి, ముందు మెసేజ్ చేసినవారికే" అని ఫొటో కింద రాస్తే పది నిమిషాల్లో అమ్ముడైపోతాయి. అయితే మిగతా డెబ్బై మందికి మాత్రం తమకు అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.

వాళ్లకలా అనిపించడంలో తప్పు లేదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టును అందరికీ ఒకే క్షణంలో చూపించదు. పెట్టిన వరుసలోనూ చూపించదు. ఒకరికి వెంటనే కనిపించింది ఇంకొకరికి మర్నాడు కనిపించవచ్చు. ఆవిడను అనుసరించనివారు పంపిన మెసేజ్ చాలాసార్లు విడిగా రిక్వెస్టుల్లో పడి ఉండిపోతుంది. ఆ సమయానికి డ్యూటీలో ఉన్న నర్సు, పిల్లల్ని బడికి పంపుతున్న తల్లి, అర్ధరాత్రి నిద్రలో ఉన్న అమెరికా తెలుగువాళ్లు పోటీలోకే రారు. "ముందు వచ్చినవారికి ముందు" అనే పద్ధతి దుకాణం ముందు వరుసకు సరిపోతుంది. ఇక్కడ వరుస ఎవరికీ కనిపించదు.

సరుకు మనుషులకంటే తక్కువగా ఉన్నప్పుడు చీటీ తీయడమే మేలని నా అభిప్రాయం. అందరికీ ఒకే గడువు ఇచ్చి, ఆ తర్వాత చీటీ తీయాలి. ఆ మాట ప్రకటన మొదటి వాక్యంలోనే ఉండాలి, ఎందుకంటే ఫోన్‌లో రెండు వరుసలే కనిపించి మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. పొగడ్తలతో మొదలుపెడితే అసలు సంగతి ఆ మడతలో దాగిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"ఏటికొప్పాక లక్కపిడతలు 18 సెట్లు వచ్చాయి. చీటీ తీసి ఇస్తాం, తొందర అక్కర్లేదు.

సెట్‌లో 9 పిడతలు. ధర 850 రూపాయలు, కొరియర్ 100.

శనివారం ఉదయం 10 నుంచి ఆదివారం రాత్రి 9 వరకు ఎప్పుడైనా వాట్సాప్‌లో మీ పేరు, పిన్‌కోడ్ పంపండి. మొదట పంపినా చివర పంపినా ఒకటే. ఇంటికి ఒక సెట్. ఇప్పుడు డబ్బు పంపొద్దు.

సోమవారం ఉదయం 11కి చీటీలు తీసే వీడియో పెడతాం. వచ్చినవారు మంగళవారం రాత్రి 9లోగా డబ్బు కట్టాలి, లేదంటే తర్వాతి చీటీవారికి వెళ్తుంది.

రంగులు పసుపు, నీలి, జాఫ్రా వంటివాటి నుంచి తీసినవి. సెట్‌కూ సెట్‌కూ ఛాయలో కాస్త తేడా ఉంటుంది."

వచ్చినవి 20 అయితే 18 అనే ఎందుకు చెప్పడం? దారిలో మూత పగిలినా లక్క పెచ్చు ఊడినా మార్చి ఇవ్వడానికి రెండు పక్కన ఉండాలి. ఛాయ గురించిన వాక్యం లేకపోతే, సెట్ అందుకున్నవారు ఫొటోలో ఉన్న ఎరుపు ఇది కాదని తిప్పి పంపుతారు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. ఇలా చేత్తో పట్టించిన రంగు రెండుసార్లు అచ్చంగా ఒకేలా పడదు.

డబ్బు ముందే తీసుకోకూడదు. తొంభై మంది దగ్గర తీసుకుంటే 72 మందికి తిప్పి పంపాలి. అందులో ఒక్కరిది ఆలస్యమైనా నమ్మకం పోతుంది. గడువు ముగిశాక వచ్చిన పేర్లకు వరుస సంఖ్యలు వేసి, ఎవరి సంఖ్య వారికి పంపి, సంఖ్యలు రాసిన చీటీలను స్టీలు డబ్బాలో వేసి తీయాలి. వీడియోలో పేర్లు, ఫోన్ నంబర్లు కనబడనివ్వకూడదు. 18 తీశాక ఆగకుండా ఇంకో ఆరు కూడా తీసి, ఏ వరుసలో వచ్చాయో చూపించాలి. ఎవరైనా డబ్బు కట్టకపోతే ఆ సెట్ ఎవరికి వెళ్లాలో అప్పటికే తేలి ఉంటుంది, మళ్లీ బతిమాలుకోవడాలు ఉండవు.

ఈ పద్ధతికీ ఒక కన్నం ఉంది. ఒకే ఇంటివాళ్లు నాలుగు పేర్లతో పంపవచ్చు. చిరునామా డబ్బు కట్టేటప్పుడు తీసుకుంటారు కాబట్టి అప్పుడు బయటపడుతుంది. రెండోదాన్ని ఆపి తర్వాతి చీటీకి ఇవ్వాలి. స్నేహితురాలికో బంధువుకో ఒకటి దాచిపెట్టాలనుకుంటే, దాన్ని 18లోంచి ముందే తీసేసి 17 అని రాయాలి. రాసిన సంఖ్యకూ పంపిన పార్సిళ్లకూ తేడా వస్తే, ఎవరికో దొడ్డిదారిన వెళ్లిందని జనం అనుకుంటారు.

మంగళవారం రాత్రి డబ్బులన్నీ అందాక పోస్టు తీసేయకూడదు. మొదటి వాక్యాన్ని మాత్రం "18 సెట్లూ అయిపోయాయి, చీటీ వీడియో ఇక్కడే ఉంది" అని మార్చి, మిగతాదంతా అలాగే ఉంచాలి.