హార్ట్ ఫెయిల్యూర్ చివరి దశలో ఏది ఉంచాలి, ఏది ఆపాలి

క్యాన్సర్ ముదిరిందని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదికీ పరిస్థితి అర్థమవుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ముదిరిన రోజంటూ ఒకటి ఉండదు. ఆయాసంతో ఆసుపత్రిలో చేరతారు, నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేస్తే తేరుకుని ఇంటికొస్తారు. రెండు నెలలకు మళ్ళీ అదే. ప్రతిసారీ గట్టెక్కుతున్నారు కదా అని ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉంటారు. తేరుకున్న ప్రతిసారీ మునుపటి మెట్టు కంటే ఒక మెట్టు కిందే ఆగుతున్నారని మాత్రం గమనించరు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దాయనకు డెబ్బై రెండేళ్ళు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పదేళ్ళ కిందట పెద్ద గుండెపోటు వచ్చింది. ఎకో పరీక్షలో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం, 20 శాతమే ఉంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ యంత్రాన్ని భుజం కింద చర్మంలో అమర్చారు. ఈ ఏడాది ఇప్పటికే నాలుగుసార్లు ఆసుపత్రిలో చేరారు.

ఈఎఫ్ ఇంకా తగ్గిందా అని పిల్లలు అడుగుతుంటారు. అది ఏళ్ళ తరబడి 20 దగ్గరే ఉంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. బీపీ 90 దాటడం లేదు, అందుకని గుండెను కాపాడే మందులనే తగ్గించాల్సి వచ్చింది. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మోతాదు రెట్టింపు చేసినా కాళ్ళ వాపు పోవడం లేదు. క్రియాటినిన్ పెరుగుతోంది, సోడియం తగ్గుతోంది. కండ కరిగిపోయినా నీరు చేరడంతో బరువు మాత్రం అలాగే కనిపిస్తోంది. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే మిగిలిన కాలం కొన్ని నెలలే కావచ్చు. ఎన్ని నెలలని కచ్చితంగా ఏ డాక్టరూ చెప్పలేరు.

ముందుగా అడగాల్సింది గుండె మార్పిడి గురించి, గుండెకు సాయంగా అమర్చే పంపు గురించి. ఈయన విషయంలో వయసూ కిడ్నీలూ అడ్డొస్తాయని డాక్టరు చెప్పారనుకుందాం. ఆ మాట వచ్చాక పాలియేటివ్ కేర్ డాక్టరును కలవాలి. నిజానికి అంతకంటే ముందే కలవడం మేలు. అక్కడికి వెళ్తే గుండె మందులు మాన్పించేస్తారన్న భయం చాలామందికి ఉంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో అలా ఉండదు. లాసిక్స్ ఆపితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది కాబట్టి ఇక్కడ బాధ తగ్గించే మందు కూడా అదే. ఏళ్ళ తర్వాత రాబోయే గుండెపోటును ఆపడానికిచ్చే కొలెస్ట్రాల్ మాత్రల్లాంటివి మానేయవచ్చు. మోకాళ్ళ నొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్ మాత్రం ఏ దశలోనూ వద్దు. అది నీరు నిలబెడుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మందులన్నీ వాడినా తగ్గని ఆయాసానికి చిన్న మోతాదు మార్ఫిన్ ఉంది. సాధారణంగా నోటి ద్వారా 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అది ప్రాణం తీసే మందు కాదు. ఊపిరాడడం లేదన్న భావనను తగ్గిస్తుంది. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం మందు తోడుగా ఇవ్వాలి. కిడ్నీలు బాగా దెబ్బతింటే మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది, అప్పుడు మరో మందుకు మారుస్తారు. ఇది ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు. గుర్తింపు పొందిన ఆసుపత్రుల ద్వారానే తెచ్చుకోవాలి. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉంటే సిలిండర్ వల్ల ఒరిగేది తక్కువ. మొహం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితేనే కొందరికి ఎక్కువ హాయిగా ఉంటుంది.

ఇక ఐసీడీ. దీని సంగతి ముందుగా మాట్లాడుకునే కుటుంబాలు తక్కువ. గుండె ఆగిపోయే సమయంలో లయ తప్పడం మామూలే. యంత్రానికి అది ఆఖరి ఘడియ అని తెలియదు. లయ తప్పిన ప్రతిసారీ షాక్ ఇస్తుంది, ఒక్కోసారి వెంటవెంటనే. రోగికి స్పృహ ఉంటే ఛాతీ మీద గట్టిగా తన్నినట్టు ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళు చూస్తూ ఉండిపోవాల్సిందే.

షాక్ ఇచ్చే పనిని ఆపేయవచ్చు. కోత అక్కర్లేదు, నొప్పి ఉండదు. ఐసీడీ క్లినిక్‌లో ప్రోగ్రామర్ అనే పరికరంతో నిమిషాల్లో ఆపుతారు. ఆపగానే ప్రాణం పోదు. గుండె వేగం పడిపోకుండా చూసే పేస్‌మేకర్ పని అందులో ఉంటే అది అలాగే సాగుతుంది. అత్యవసరమైతే యంత్రం పైన చర్మం మీద ప్రత్యేకమైన అయస్కాంతం పెడతారు. అది ఉన్నంతసేపూ సాధారణంగా షాకులు ఆగుతాయి. అర్ధరాత్రి పల్లెటూళ్ళో ఆ అయస్కాంతం ఎక్కడ దొరుకుతుంది? అందుకే మనిషి మాట్లాడగలిగినప్పుడే దీన్ని తేల్చుకోవాలి. మరొకటి, చెప్పడానికి కష్టమైనా చెప్పాలి. దహనం చేసేవాళ్ళు ముందే యంత్రాన్ని తీయించాలి, లేకపోతే వేడికి బ్యాటరీ పేలుతుంది.

మిగిలింది వెంటిలేటర్ మాట. మన పెద్దాయన్ని కూతురే అడిగింది. "నాన్నా, మళ్ళీ ఊపిరాడకపోతే ఐసీయూకి తీసుకెళ్ళమంటావా?" ఆయన కాసేపాగి, "సూదిమందులు వేయించండి. గొంతులో గొట్టం మాత్రం వద్దమ్మా" అన్నారు. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో "ఎంతైనా పర్లేదు, అన్నీ చేయించండి" అంటున్నాడు. అతని ప్రేమను తప్పుపట్టలేం. కానీ తండ్రి కోరిక అతనికి తెలియాలి, అదీ ఆయన నోటి నుంచే.

ఆ కోరికకు చట్టబద్ధమైన రూపం ఉంది. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ముందస్తు వైద్య నిర్దేశం, అంటే లివింగ్ విల్, రాసుకునే వీలు కల్పించింది. మొదట అది మేజిస్ట్రేటు దగ్గర సంతకమవ్వాలన్నారు, దాంతో అది సామాన్యుడికి అందలేదు. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరిస్తే చాలు. తాను మాట్లాడలేని స్థితిలో ఎవరు నిర్ణయించాలో పేర్లు కూడా రాయాలి. తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు.

అప్పటికే వెంటిలేటర్ మీద ఉంటే, దాన్ని తీయాలా వద్దా అన్నది ఒక్క డాక్టరు తేల్చరు. ఆసుపత్రిలో వైద్యుల బోర్డు చూస్తుంది, తర్వాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉండే రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డూ వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. విల్లు లేకపోయినా కుటుంబం అంగీకారంతో ఇదే దారి ఉంటుంది.

మన దగ్గర ఈ దారి తెలియక చాలా కుటుంబాలు లామా కాగితం మీద, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం చేసి, అంబులెన్సులో ఇంటికి బయల్దేరతాయి. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా అన్యాయమైన పద్ధతి. వెంటిలేటరు పోతుంది, దాంతోపాటు ఆయాసం తగ్గించే మందులూ పోతాయి. ఆ ప్రయాణంలో రోగి పడే బాధకు ఎవరూ జవాబుదారీ కారు. ఇంటికే తీసుకెళ్ళాలనుకుంటే లామా కాకుండా, పాలియేటివ్ కేర్ సలహాతో డిశ్చార్జి అడగండి. మార్ఫిన్, నిద్రమందు, లాసిక్స్ ఎంతెంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో రాయించుకోండి. రాత్రి పూట ఫోన్ చేయాల్సిన నంబరు కూడా తీసుకోండి.

మీ ఇంట్లో ఐసీడీ ఉన్న పెద్దవాళ్ళు ఉంటే, వచ్చే ఓపీకి వెళ్ళినప్పుడు డాక్టరును ఈ ఒక్క మాట అడగండి: షాక్ ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపుతారు?