ఆన్ టైమా, ఇన్ టైమా?

మన ‘టైముకి వస్తా’ అన్న మాటకు ఇంగ్లిష్‌లో రెండు దారులున్నాయి. సినిమా 6:30కి. అందరూ 6 గంటలకు థియేటర్ దగ్గర కలవాలి. ‘ఐ విల్ బి దేర్ ఆన్ టైమ్’ అని మెసేజ్ పెడితే, చెప్పినట్టే 6 గంటలకు ఉంటానని. ‘ఐ విల్ బి దేర్ ఇన్ టైమ్ ఫర్ ద మూవీ’ అంటే సినిమా మొదలయ్యేలోగా వస్తానని. 6:20కి వచ్చినా మాట తప్పినట్టు కాదు. ఆన్ టైమ్ గడియారాన్ని చూస్తుంది, ఇన్ టైమ్ అందుకోవాల్సిన పనిని చూస్తుంది. అందుకే ఇన్ టైమ్ తర్వాత ఆ పనేదో కూడా రాస్తే గందరగోళం ఉండదు.

రెండో జంటకు తెలుగే తోడు. ‘చివర్లో’ అనిపిస్తే ఎట్ ది ఎండ్, ‘చివరికి’ అనిపిస్తే ఇన్ ది ఎండ్. సినిమా చివర్లో ఫోన్ చేస్తానంటే ‘ఐ విల్ కాల్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద మూవీ’. చాలాసేపు తర్జనభర్జన పడి చివరికి ఇంట్లోనే ఉండిపోతే ‘ఇన్ ది ఎండ్, వి స్టేడ్ హోమ్’. నెలాఖరున కలుద్దామనడానికి ‘ఇన్ ది ఎండ్ ఆఫ్ ద మంత్’ అని రాయడం తప్పు. అక్కడ నెలకు ఒక చివర ఉంది కాబట్టి ‘ఎట్’ రావాలి. వెనక ‘ఆఫ్’ కనబడితే ముందు ‘ఎట్’ ఉందో లేదో చూసుకుని పంపండి.