సర్వీస్ నెట్‌కు తగిలాక

పదమూడేళ్ల అమ్మాయి జిల్లా స్థాయి బ్యాడ్మింటన్ పోటీలో ఆడుతోందనుకుందాం. మొదటి గేమ్‌లో 16-13తో ముందుంది. షార్ట్ సర్వీస్ వేస్తే షటిల్ నెట్‌కు తగిలి ఇవతలే పడింది. 16-14. ‘ఛ!’ అనుకుంటూ రాకెట్‌ను తొడకు కొట్టుకుని, వెంటనే వెళ్లి రిసీవ్ చేయడానికి నిలబడింది. పోయిన పాయింటును ఒక్క దెబ్బతో రాబట్టాలని, అందీ అందని షటిల్‌ను స్మాష్ చేసింది. బయటపడింది. తర్వాతి లిఫ్ట్ సగం కోర్టు కూడా దాటలేదు. చూస్తుండగానే 16-18 అయిపోయింది.

పోగొట్టుకున్న అయిదు పాయింట్లలో సర్వీస్ తప్పు వల్ల పోయింది ఒక్కటే. మిగతా నాలుగూ ఆ తప్పును వెంటేసుకుని ఆడినందుకు పోయాయి. కోపమో భయమో కలిగితే ముందు బిగిసేది రాకెట్ పట్టు. పట్టు బిగిస్తే మణికట్టు తిరగదు, మణికట్టు తిరగకపోతే నెట్ దగ్గరి సున్నితమైన దెబ్బలన్నీ గతి తప్పుతాయి. అందుకే ‘ధైర్యంగా ఆడు’ అని గ్యాలరీలోంచి అరవడం వల్ల ప్రయోజనం లేదు. వదులు చేయాల్సింది వేళ్లను.

బ్యాడ్మింటన్‌లో వాలీబాల్‌లా టైమ్ అవుట్ లేదు. ఆట సాగుతూనే ఉండాలి, కావాలని ఆలస్యం చేస్తే అంపైర్ ఊరుకోడు. అయినా రెండు ర్యాలీల మధ్య కొన్ని సెకన్లు దొరుకుతాయి. రిసీవర్ సిద్ధం కాకముందే సర్వీస్ చేయకూడదన్న నియమం కూడా ఉంది. ఎడమ చెయ్యి కాస్త ఎత్తి ‘ఆగు’ అని సూచించి, ఆ తర్వాతే నిలబడవచ్చు. చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు.

ఆ కొద్ది సమయంలో చేయాల్సిన పని చిన్నదే. నెట్‌కు వీపు తిప్పి రెండు మూడు అడుగులు వెనక్కి నడవాలి. నడుస్తూ రాకెట్‌ను ఎడమ చేతిలోకి మార్చుకుంటే బిగిసిన కుడిచేతి వేళ్లు వాటంతటవే వదులవుతాయి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు నోటితో మెల్లగా వదలాలి. నిదానంగా ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. తర్వాత రాబోయే ర్యాలీకి పనికొచ్చే ఒకే ఒక్క మాట అనుకోవాలి: ‘వెనక్కి ఎత్తు’ అనో, ‘నెట్ మీద చూడు’ అనో. ‘మళ్లీ తప్పు చేయకు’ అనుకుంటే మనసు ఆ తప్పు చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని ప్రాక్టీసులో నేర్పాలి, అదీ తప్పు చేసినప్పుడే కాదు, పాయింటు గెలిచినప్పుడు కూడా. లేకపోతే ఒత్తిడిలో గుర్తురాదు. స్కోరు 17-19 నుంచి మొదలుపెట్టి గేములు ఆడించడం మంచి పద్ధతి. అలవాటైందో లేదో తెలుసుకోవడానికి అమ్మానాన్నలు ఒక కాగితం పట్టుకుని, ప్రతి సొంత తప్పు తర్వాతి పాయింటు ఎవరికి వచ్చిందో గీతలు పెడితే చాలు. కొన్ని మ్యాచ్‌ల గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే, తప్పులు గుంపులుగా వస్తున్నాయా, విడివిడిగా వస్తున్నాయా తెలిసిపోతుంది.

ఇక మ్యాచ్ పోయాక పిల్ల తనకు తాను ఏం చెప్పుకుంటుందన్నది మరో విషయం. ‘నాకు సర్వీస్ రాదు’ అంటే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. ‘16 దగ్గర పట్టు బిగించి, తోయాల్సిన షటిల్‌ను పొడిచాను’ అంటే రేపటికి పని దొరుకుతుంది. ఇది ఓదార్పు కాదు, జరిగినదాన్ని సరిగ్గా చెప్పుకోవడం. 2017లో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు నొజోమి ఒకుహార చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడిపోయింది. 110 నిమిషాల ఆట అది. ‘ఓడిపోయింది’ అన్న ఒక్క మాటలో, చివరి గేమ్ తేడా రెండు పాయింట్లేనన్న సంగతి కనబడదు. 2019లో బాసెల్ ఫైనల్లో అదే ఒకుహారను సింధు 21-7, 21-7తో ఓడించింది.

ఈ లెక్క చెప్పుకోవడానికి మ్యాచ్ అయిన వెంటనే సమయం కాదు. ఇంటికి వెళ్లే దారిలో బండి మీద ‘ఆ సర్వీస్ ఎందుకలా వేశావమ్మా?’ అని అడిగితే పిల్ల సంజాయిషీ ఇస్తుంది తప్ప ఆలోచించదు. తిండి, నిద్ర అయ్యాక, ఆమే మొదలుపెడితే మేలు.

దీనికీ హద్దులున్నాయి. ప్రాక్టీసులో కూడా సర్వీస్ నెట్‌కే తగులుతుంటే లోపం మనసులో లేదు, చేతిలో ఉంది. కోచ్ దాన్ని దిద్దాలి. మూడడుగులు వేయకపోతే పాయింటు పోతుందని పిల్ల కంగారుపడుతుంటే ఆ అలవాటు మూఢనమ్మకంగా మారిందన్నమాట. అప్పుడు ఊపిరి ఒక్కటే ఉంచి మిగతావి తీసేయాలి. ప్రతి పోటీకి ముందు కడుపునొప్పి, నిద్రలేమి, ‘నేను రాను’ అనే ఏడుపు వారాల తరబడి సాగితే, కొన్నాళ్లు పోటీలు ఆపి సైకాలజిస్టుకు చూపించాలి.