ఒకే అంకె, మూడు కొలతలు

నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే పాఠ్యపత్రంలో నొప్పి కొలమానాలు మూడు రకాలుగా కనిపిస్తాయి: అంకెలవి, ముఖాల బొమ్మలవి, ప్రవర్తనను చూసి లెక్కగట్టేవి. మూడింటిలోనూ సాధారణంగా ఫలితం 0 నుంచి 10 వరకే ఉంటుంది. అసలు తికమక అక్కడే. మొదటి రెండింటిలో నొప్పి ఎంతో రోగే చెబుతాడు. మూడోదానిలో చూసేవారు అంచనా వేస్తారు.

‘నొప్పి లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది, ఇప్పుడెంత?’ అని అడిగితే సుమారు ఎనిమిదేళ్లు దాటినవారు జవాబు చెప్పగలరు. అంకెలు వల్లించడం వచ్చినా, వాటితో నొప్పిని తూచడం చిన్నపిల్లలకు చేతకాదు. మూడు నాలుగేళ్లు దాటినవారికి బొమ్మలు చూపిస్తారు. అమెరికాలో తయారైన వాంగ్-బేకర్ కొలమానంలో ఆరు ముఖాలుంటాయి. మొదటిది నవ్వుతుంది, చివరిది కన్నీరు కారుస్తుంది. దాంతో పిల్లలు నొప్పికి బదులు తమ సంతోషాన్నో భయాన్నో చూపించే ప్రమాదం ఉంది. అందుకే 2001లో వచ్చిన సవరించిన ముఖాల కొలమానంలో నవ్వూ లేదు, కన్నీరూ లేదు.

చెప్పలేని పసివారికి ‘ఫ్లాక్’ కొలమానం వాడతారు. ముఖం, కాళ్లు, శరీర కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదింటికీ ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేస్తారు. రెండు నెలల నుంచి ఏడేళ్ల వరకు పిల్లల కోసం దీన్ని రూపొందించారు.

హెర్నియా ఆపరేషన్ అయిన ఒక నాలుగేళ్ల బాబును ఊహించుకుంటే, నర్సు బొమ్మలు చూపగానే అతడు నవ్వే ముఖాన్ని తాకుతాడు. అంటే సున్నా. కానీ అప్పుడప్పుడూ ముఖం చిట్లిస్తున్నాడు (1), కాళ్లు పొట్టకు ముడుచుకున్నాడు (2), అటూఇటూ మెదులుతున్నాడు (1), మూలుగుతున్నాడు (1), అమ్మ నిమిరితే ఊరుకుంటున్నాడు (1). మొత్తం 6, అంటే ఓ మోస్తరు నొప్పి. ఈ రెండు అంకెలకు సగటు తీయడం తప్పు. బాబు బొమ్మను అర్థం చేసుకున్నాడో లేదో మళ్లీ అడిగి చూడాలి, తల్లి మాట వినాలి, కుట్ల చోటు పరీక్షించాలి. నొప్పి మందు నోటి ద్వారా ఇస్తే గంటలోపు అదే కొలమానంతో తిరిగి చూడాలి.

ప్రవర్తన కొలమానానికీ హద్దులున్నాయి. ఆకలి, భయం కూడా ఏడిపిస్తాయి. కదిలితే నొప్పి పెరుగుతుందని బిగుసుకుని పడుకున్న బిడ్డకు తక్కువ అంకె వస్తుంది. కండరాలను కదలనివ్వని మందులిచ్చి వెంటిలేటర్‌పై ఉంచిన రోగిలో ఇలాంటి గుర్తులు కనిపించవు.

వయసొక్కటే చూసి కొలమానాన్ని ఎంచుకోవడమూ పొరపాటే. మతిమరుపు వ్యాధి ముదిరి మాట తడబడే వృద్ధులకు శ్వాస, మూలుగు, ముఖం, శరీర భంగిమ, ఓదార్పు చూసే ‘పెయినాడ్’ కొలమానం ఉంది. స్పష్టంగా మాట్లాడగలిగే ఎనభై ఏళ్ల పెద్దాయనను మాత్రం అంకే అడగాలి.

కేస్ షీటులో ఉత్త ‘6’ అని రాస్తే తర్వాతి డ్యూటీ నర్సుకు దాని అర్థం తెలియదు. ‘ఫ్లాక్ 6’ అని కొలమానం పేరుతోనే రాయాలి.