సేఫ్టీ బూట్లు: తూకం కాదు, ముద్ర చూడాలి

భవన నిర్మాణ పనికి బూట్లు కొనేవారు మొదట ఐఎస్ 15298 ముద్రలో భాగం సంఖ్యను గమనించాలి. రెండో భాగమైతే వేళ్లను కాపాడే టో క్యాప్ 200 జౌళ్ల దెబ్బకు, అంటే సుమారు మీటరు ఎత్తు నుంచి పడే 20 కిలోల బరువుకు ఆగుతుంది. మూడో భాగానికి ఆ పరిమితి 100 జౌళ్లే. నాలుగో భాగానికి క్యాప్ తప్పనిసరే కాదు. చూపులకు మూడూ ఒకేలా ఉండవచ్చు.

సెంట్రింగ్ చెక్కల్లోని మేకులను మాత్రం క్యాప్ ఆపలేదు. అడుగున మేకు దిగని పొర ఉండాలి. ‘పి’ లేదా ‘ఎస్3’ దానికి గుర్తు. జారకుండా పట్టునిచ్చే సోలు గాళ్లు అరిగినా, సిమెంటు పూడుకున్నా ఆ పట్టు పోతుంది.

తోలు కాస్త సాగుతుంది, క్యాప్ సాగదు. అందుకే పాదాలు ఉబ్బే సాయంత్రం వేళ, పనిలో వాడే మేజోళ్లతోనే తొడిగి గొంతుకూర్చోవాలి. క్యాప్ అంచు వేళ్లపై ఒత్తితే ఆ సైజు వద్దు. ఒక్కసారి గట్టి దెబ్బ తిని నొక్కుకుపోయిన క్యాప్‌ను మళ్లీ నమ్మరాదు.