చెవి గులిమి: మీ బిడ్డది పొడి రకమా, తడి రకమా?

తల్లిదండ్రులారా, ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలైనా అందరి చెవుల్లో గులిమి ఒకే తీరుగా ఉండదు. ఒకరికి తేనె రంగులో జిగురుగా ఉంటుంది. ఇంకొకరికి తవుడులాగా పొడిపొడిగా రాలుతుంది. పొడిగా ఉన్న బిడ్డకు చెవి ఎండిపోయిందని కొందరు నూనె పోస్తారు. జిగురుగా ఉన్న బిడ్డకు చీము పట్టిందని మరికొందరు భయపడతారు. ఈ రెండూ జబ్బులు కావు. కానీ మీ బిడ్డది ఏ రకమో ముందే తెలిసి ఉంటే, నిజంగా చీము వచ్చిన రోజున మీరు మోసపోరు.

గులిమి ఎక్కడి నుండి వస్తుంది?

గులిమినే మన వైపు గుబిలి అని కూడా అంటారు. పెద్దవారి చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల లోతు ఉంటుంది. దాని చివర కర్ణభేరి ఉంటుంది. రంధ్రంలో బయటి భాగపు చర్మంలో మాత్రమే గులిమిని తయారుచేసే చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. ఆ గ్రంథుల నుండి వచ్చే జిడ్డు, రాలిన చర్మపు పొట్టు, దుమ్ము కలిస్తే గులిమి అవుతుంది. ఇది దుమ్మును, నీటిని, పురుగులను లోపలికి పోనివ్వదు. చెవి లోపలి చర్మం గోరు పెరిగినట్టు నెమ్మదిగా బయటి వైపు జరుగుతూ ఉంటుంది. మనం నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదలికతో గులిమి దానంతటదే బయటికి వస్తుంది.

ఒకే ఇంట్లో రెండు రకాలు ఎందుకు?

దీనికి కారణం ఏబీసీసీ 11 అనే ఒక జన్యువు. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో దీనిని కనుగొన్నారు. ఈ జన్యువులో ఒకే ఒక్క చోట ఉన్న తేడా వల్ల చెవి గ్రంథులు జిడ్డును బయటికి పంపడం తగ్గిపోతుంది. అలాంటివారికి గులిమి పొడిగా వస్తుంది. చంకల్లో చెమట వాసన కూడా వీరికి తక్కువగా ఉంటుంది. జపాన్, కొరియా వంటి తూర్పు దేశాల్లో ఎక్కువమందిది పొడి రకం. ఆఫ్రికా, ఐరోపాల్లో దాదాపు అందరిదీ తడి రకం. మన దేశంలో రెండు రకాలూ కలిసి ఉన్నాయి.

ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. రెండింటిలో ఒక్కటి తడి ప్రతి అయినా గులిమి తడిగానే ఉంటుంది. రెండూ పొడి ప్రతులైతేనే పొడి రకం అవుతుంది.

మన దగ్గర మామూలుగా కనిపించే ఒక మేనరికం కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలిద్దరిదీ తడి గులిమి. భార్య తండ్రిది పొడి రకం. అంటే ఆయన దగ్గర ఉన్న రెండూ పొడి ప్రతులే కాబట్టి కూతురికి ఒక పొడి ప్రతి తప్పకుండా వచ్చింది. భర్త తల్లి ఆయనకు స్వయాన చెల్లెలు. ఆమెది తడి రకమే అయినా, అన్న లాగే ఆమెకు కూడా పుట్టింటి నుండి ఒక పొడి ప్రతి రావచ్చు. అది ఆమె కొడుకుకు కూడా చేరి ఉంటే, ఇప్పుడు భార్యాభర్తలిద్దరిలో ఒక్కొక్క పొడి ప్రతి బయటికి కనబడకుండా దాగి ఉన్నట్టే. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు పొడి రకం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు పిల్లలది తడి రకం, మూడో బిడ్డది పొడి రకం కావడంలో వింత ఏమీ లేదు. బిడ్డకు తాత పోలిక వచ్చింది, అంతే. ఇందులో తల్లి పెంపకం లోపం గానీ, తిండి లోపం గానీ లేదు. తల్లిదండ్రులిద్దరిదీ పొడి రకమైతే మాత్రం పిల్లలందరిదీ పొడి రకమే అవుతుంది.

రంగు ఏమి చెబుతుంది?

తడి గులిమి కొత్తగా ఉన్నప్పుడు లేత పసుపు లేదా తేనె రంగులో మెత్తగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గాలి తగిలి, దుమ్ము అంటి గోధుమ రంగుకు, తరువాత నలుపుకు మారుతుంది. బొగ్గు గనుల్లో, గ్రానైటు క్వారీల్లో, జిన్నింగు మిల్లుల్లో పని చేసేవారికి గులిమి నల్లగానో మురికిగానో ఉంటే ఆ దుమ్మును అది పట్టి ఆపిందని అర్థం.

పొడి గులిమి బూడిద రంగులోనో, లేత గోధుమ రంగులోనో పలుచని పొట్టులాగా ఉంటుంది. చాలా రోజులు చెవిలో ఉండిపోయి గట్టిపడిన తడి గులిమిని చూసి పొడి రకం అనుకోవద్దు. అది నల్లగా, ఉండలాగా ఉంటుంది. వయసు మళ్లినవారిలో ఇది ఎక్కువ. పొట్టుతో పాటు విపరీతమైన దురద, ఎరుపు ఉంటే అది చర్మవ్యాధి కావచ్చు. దానిని చూపించుకోవాలి.

గులిమికీ చీముకూ తేడా

పుట్టుకతో వచ్చిన రకం మారదు. ఎప్పుడూ పొట్టు రాలే బిడ్డ చెవిలో ఒకరోజు తడి కనబడితే, ముందు స్నానం నీరు గానీ నూనె గానీ పోయిందేమో చూడండి. అవి కాకపోతే అది గులిమి కాదు. చెవి కారుతోందని అర్థం. జలుబు చేసిన తరువాత చెవి లోపల చీము పట్టి, కర్ణభేరికి రంధ్రం పడి ఇలా కారుతుంది.

తడి రకం పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. "మా ఇంట్లో అందరికీ ఇట్లనే ఉంటది" అనుకుని నెలల తరబడి ఊరుకుంటే బిడ్డకు వినికిడి తగ్గుతుంది. తడి గులిమి జిగురుగా చెవి అంచుకు అంటుకుని ఉంటుందే గానీ ధారగా కారదు, దిండును తడపదు, దుర్వాసన రాదు. చీము పలుచగా గానీ తీగలాగా గానీ కారుతుంది. తెల్లగా, పసుపుగా లేదా ఆకుపచ్చగా ఉంటుంది. దిండుకు మరక పడుతుంది. తరచుగా వాసన వస్తుంది. అనుమానంగా ఉంటే శుభ్రమైన తెల్ల గుడ్డతో చెవి బయట తుడిచి చూడండి.

ఏమి చేయాలి?

ఏ రకమైనా చెవి బయటికి వచ్చిన గులిమిని తడి గుడ్డతో తుడిస్తే చాలు. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, దూది పుల్ల లోపల పెడితే గులిమి వెనక్కి పోయి గట్టిగా అడ్డుపడుతుంది. కర్ణభేరికి గాయం కూడా కావచ్చు. కాచిన నూనె, వెల్లుల్లి నూనె పోయవద్దు. చెవి దిబ్బడ వేస్తే డాక్టరుకు చూపించి, గులిమిని మెత్తబరిచే చుక్కల మందు కొన్ని రోజులు వేసిన తరువాత కడిగించుకోవాలి. చెవి కారుతున్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవి ఆపరేషన్ అయినవారు చుక్కలు వేసుకోకూడదు, చెవి కడిగించుకోకూడదు.

చెవి నుండి చీము, రక్తం లేదా దుర్వాసన వచ్చినా, జ్వరంతో చెవి పోటు ఉన్నా, పిలిస్తే బిడ్డ పలకకపోయినా ఆలస్యం చేయవద్దు. చెవి వెనుక వాపు వచ్చినా, తల తిరిగినా, మూతి వంకర పోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. వచ్చినప్పుడు బిడ్డ గులిమి మామూలుగా పొడి రకమా, తడి రకమా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి.