ఇంకా తిరగబెట్టని జబ్బుకు లెక్క

కీమోథెరపీతో అణిగిన రక్తక్యాన్సర్, ఆ తర్వాత కూడా మందు కొనసాగిస్తే, ఎన్నాళ్లకు తిరగబెడుతుంది? 1977లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో అలా మందు వాడిన 11 మంది వివరాలు, వారాల్లో, ఇవి:

9, 13, 13+, 18, 23, 28+, 31, 34, 45+, 48, 161+

28+ అంటే ఆ రోగికి 28 వారాల దాకా జబ్బు తిరగబెట్టలేదు, ఆ తర్వాతి సంగతి తెలియదు. ఇలాంటి వివరాలను సెన్సార్ అయినవి అంటారు. వీళ్లను తీసేస్తే మిగిలిన ఏడుగురి మధ్య విలువ 23 వారాలు. ఆ వారమే తిరగబెట్టిందనుకుంటే 28 వారాలు. మొదటి లెక్క బాగున్నవాళ్లను వదిలేసింది, రెండోది వాళ్లకు లేని జబ్బు అంటగట్టింది.

ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మయర్ 1958లో ప్రచురించిన పద్ధతిలో పనంతా కాగితం మీదే అయిపోతుంది. జబ్బు తిరగబెట్టిన ప్రతి వారం దగ్గర ఆగి, అప్పటికి లెక్కలో ఉన్నవాళ్లలో ఎందరు గట్టెక్కారో చూడాలి. ఆ భిన్నాలను గుణించుకుంటూ పోవాలి.

9వ వారంలో 11 మందికి 10 మంది గట్టెక్కారు. 10/11, అంటే 0.909. 13వ వారానికి లెక్కలో ఉన్నది 10 మంది, ఒకరికి తిరగబెట్టింది. 0.909ని 9/10తో గుణిస్తే 0.818. అదే వారం సెన్సార్ అయిన మనిషిని ఆ పదిమందిలో ఉంచాలా? ఉంచాలి. ఆ వారం దాకా బాగున్నట్టు తెలుసు కదా! ఆ తర్వాతే తీసేస్తాం. అందుకే 18వ వారానికి మిగిలింది ఎనిమిది మందే. 7/8తో గుణిస్తే 0.716, 23వ వారంలో 6/7తో గుణిస్తే 0.614.

28+ దగ్గర గీత కిందికి దిగదు, కానీ లెక్కలో ఒకరు తగ్గుతారు. దాంతో తర్వాతి మెట్టు లోతవుతుంది. 31వ వారానికి ఉన్నది ఐదుగురు, ఒకరికి తిరగబెట్టింది. 0.614ని 4/5తో గుణిస్తే 0.491. గీత సగం కిందికి దిగింది ఇక్కడే కనుక మధ్య విలువ 31 వారాలు. 34వ వారంలో 0.368. 48వ వారానికి ఉన్నది ఇద్దరే, ఒకరికి తిరగబెట్టగానే 0.184.

అక్కడి నుంచి 161 దాకా గీత అడ్డంగా సాగుతుంది. చూసేవాళ్లకు నూటికి 18 మందికి జబ్బు నయమైపోయిందనిపిస్తుంది. నిజానికి ఆ గీతంతా ఒక్క రోగి మీద నిలబడింది. గ్రాఫు అడుగున ఏ వారానికి ఎందరు మిగిలారో చెప్పే వరస లేకపోతే ఆ చివరి భాగాన్ని నేనైతే నమ్మను.

ఇంకో చిక్కుంది. మధ్యలో తప్పుకున్నవాళ్ల గతి కూడా మిగిలినవాళ్లలాగే ఉంటుందని ఈ పద్ధతి అనుకుంటుంది. ఒంట్లో బాగాలేకే ఆస్పత్రికి రావడం మానేస్తే గీత ఉండాల్సినదానికంటే పైన ఉంటుంది. ఆ పదకొండు అంకెలను ఎంత తిరగేసినా అది బయటపడదు. ఒక్కొక్కరు ఎందుకు తప్పుకున్నారో కేసు షీటు తీసి చూడాల్సిందే.